లారీ కిరాయి మీద పన్ను ఎవరు కట్టాలి?

జీఎస్టీలో మామూలు పద్ధతి అందరికీ తెలిసిందే. అమ్మినవాడు బిల్లులో పన్ను వేస్తాడు, కొన్నవాడి దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కడతాడు. కొన్ని సేవల విషయంలో ఈ వరస తిరగబడుతుంది. సేవ చేసినవాడు కేవలం తన డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ సేవ పొందిన వ్యాపారి తానే పన్ను లెక్కగట్టి, తన చేతి డబ్బుతో ప్రభుత్వానికి జమ చేయాలి. దీనినే రివర్స్ ఛార్జ్ అంటారు. ఆడిటర్ల వాడుకలో ఆర్‌సీఎం. చిన్న, మధ్యతరహా వ్యాపారులకు ఇది ఎక్కువగా ఎదురయ్యేది లారీ కిరాయి దగ్గర.

దీని గురించి వ్యాపారుల్లో బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. అవతలి మనిషికి జీఎస్టీ నంబరు లేకపోతే, అతని దగ్గర ఏం కొన్నా రివర్స్ ఛార్జ్ పడుతుందనేది ఆ నమ్మకం. అది గాలిలోంచి పుట్టలేదు. 2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు చట్టం నిజంగానే అలా ఉండేది. కేంద్ర జీఎస్టీ చట్టం తొమ్మిదో సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, రిజిస్టరైన వ్యాపారి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర కొన్న పన్ను వర్తించే ప్రతి సరుకుకీ, సేవకీ తానే పన్ను కట్టాలి. రోజుకు 5,000 రూపాయల వరకే మినహాయింపు. ప్లంబరుకిచ్చిన కూలీకీ, పక్కకొట్టు స్టేషనరీకీ రోజువారీ లెక్క రాయాల్సి రావడంతో గగ్గోలు పుట్టింది. చిన్నవాళ్ల దగ్గర కొనడమే మానుకుంటామని పెద్ద వ్యాపారులు అనసాగారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2017 అక్టోబరు 13న ప్రభుత్వం ఆ నిబంధనను నిలిపేసింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి దాని రూపమే మారింది. ఇప్పుడు అది ప్రభుత్వం పేరు పెట్టి ప్రకటించిన వర్గాలకు, అంటే ప్రధానంగా ఇళ్లు కట్టి అమ్మే ప్రమోటర్లకు మాత్రమే వర్తిస్తుంది.

మిగతా వ్యాపారులందరికీ నేడు వర్తించేది అదే సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్. దాని కింద 2017 జూన్ 28న వెలువడిన 13వ నంబరు నోటిఫికేషన్‌లో కొన్ని సేవల జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్న సేవకే రివర్స్ ఛార్జ్, లేనిదానికి లేదు. సరుకు దింపిన హమాలీలకు ఇచ్చిన కూలీ, ఫ్యాన్ బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన డబ్బు, పూలమాలల ఖర్చు, ఇవేవీ జాబితాలో లేవు. వాళ్లకు జీఎస్టీ నంబరు లేదన్న ఒక్క కారణంతో ఎవరూ పన్ను కట్టనక్కరలేదు. ఇంకోవైపు, జాబితాలో ఉన్న కొన్ని సేవలకు అవతలివాళ్లకు నంబరు ఉన్నా కొన్నవాడే కట్టాలి. కాబట్టి ముందు అడగాల్సింది ఏ సేవ కొన్నామని. ఎవరి దగ్గర కొన్నామన్న ప్రశ్న ఆ తరవాతిది.

ఆ జాబితాలో గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ ముఖ్యమైనది. రవాణా మీద పన్నును సరుకు పంపేవాడి దగ్గరో, అందుకునేవాడి దగ్గరో రాబట్టాలన్న ఆలోచన జీఎస్టీ కంటే చాలా పాతది. లారీ రవాణా వేలకొద్దీ చిన్న ఆపరేటర్ల చేతిలో ఉంటుంది. వాళ్లందరి చేతా లెక్కలు రాయించడం కంటే, కిరాయి కట్టే కంపెనీల దగ్గర వసూలు చేయడం ప్రభుత్వానికి సులువు. 1997లో సర్వీస్ ట్యాక్స్ కింద ఈ పని చేయబోతే, చట్టంలో ఒకలా ఉండగా రూల్స్‌లో మరొకరి మీద భారం వేయడం కుదరదని లఘు ఉద్యోగ భారతి కేసులో 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తరవాత చట్టాన్నే సవరించారు. 2005 జనవరి నుంచి రవాణా ఏజెన్సీల మీద సర్వీస్ ట్యాక్స్ నిలదొక్కుకుంది. అదే పద్ధతి జీఎస్టీలోకి వచ్చింది.

చట్టం దృష్టిలో లారీ నడిపే ప్రతివాడూ గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ కాదు. రోడ్డు మీద సరుకు రవాణా చేస్తూ కన్సైన్‌మెంట్ నోట్ ఇచ్చేవాడే ఏజెన్సీ. దాన్నే వ్యాపారులు ఎల్ఆర్ అంటారు, అంటే లారీ రసీదు. కొన్నిచోట్ల బిల్టీ అన్న పేరూ ఉంది. పేరేదైనా పని ఒకటే. సరుకు తన చేతికి వచ్చిందని, గమ్యం చేర్చేదాకా బాధ్యత తనదని ట్రాన్స్‌పోర్టరు ఒప్పుకుంటూ ఇచ్చే నంబరు వేసిన కాగితం అది. పంపినవాడి పేరు, అందుకునేవాడి పేరు, లారీ నంబరు, సరుకు వివరం, బయలుదేరిన చోటు, చేరాల్సిన చోటు, పన్ను ఎవరు కట్టాలన్న సంగతి అందులో ఉంటాయి. ఆ కాగితం లేకుండా, ఒక లారీ యజమాని నేరుగా బేరం కుదుర్చుకుని సరుకు దింపి డబ్బు తీసుకుంటే, అది ఏజెన్సీ సేవ కాదు. రోడ్డు మీద సరుకు రవాణాలో ఏజెన్సీ, కొరియర్ వంటి సేవలు తప్ప మిగతా దానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. అక్కడ రివర్స్ ఛార్జ్ అన్న ప్రశ్నే రాదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్లు బయటి లారీని కిరాయికి తీసుకుంటే, లారీ యజమానికి వాళ్లిచ్చే డబ్బు మీద కూడా పన్ను లేదు.

సరుకును బట్టి కూడా కొన్ని మినహాయింపులున్నాయి. వ్యవసాయోత్పత్తులు, పాలు, ఉప్పు, బియ్యం పప్పులు పిండి వంటి ఆహారధాన్యాలు, సేంద్రియ ఎరువులు, వార్తాపత్రికలు మోసిన కిరాయి మీద పన్ను లేదు. అందుకే వరి ధాన్యం వ్యాపారికి పెద్దగా తెలియని ఈ తలనొప్పి ఇనుము, సిమెంటు, టైల్స్ వ్యాపారికి ప్రతి నెలా ఉంటుంది. ఒకప్పుడు ఒక్కరికే చేర్చే సరుకు మొత్తానికి కిరాయి 750 రూపాయలు దాటకపోయినా, లారీ మొత్తం కిరాయి 1,500 దాటకపోయినా పన్ను పడేది కాదు. 2022 జులై 18 నుంచి ఆ రెండు మినహాయింపులూ పోయాయి. పార్సిల్ ఆఫీసులో కట్టిన 200 రూపాయలకూ ఇప్పుడు లెక్క ఉంది. చాలా పుస్తకాల్లో చిన్న కిరాయిలు లెక్కలోకి రాకపోవడానికి ఈ పాత అలవాటే కారణం.

ఇక పన్ను కట్టాల్సింది ఎవరు? కిరాయి ఎవరు ఇస్తారో, లేదా ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో వాళ్లే సేవ పొందినవాళ్లు. ఎల్ఆర్ మీద 'టు పే' అని ఉంటే, సరుకు విడిపించుకున్న కొనుగోలుదారు కట్టాలి. 'పెయిడ్' అని ఉంటే పంపినవాడు కట్టాలి. అమ్మినవాడు తాను కిరాయి కట్టి దాన్ని సరుకు బిల్లులో కలిపితే, అది సరుకు విలువలో భాగమై సరుకు రేటుతోనే పన్ను పడుతుంది. అప్పుడు కొన్నవాడికి కిరాయి మీద వేరే రివర్స్ ఛార్జ్ లేదు. కట్టేవాడు రిజిస్టరైన వ్యాపారి, ఫ్యాక్టరీ, కంపెనీ, భాగస్వామ్య సంస్థ, సొసైటీ, సహకార సంఘం లాంటి వర్గాల్లో ఒకటై ఉండాలి. సొంతిల్లు కట్టుకుంటూ లారీ ఇటుక తెప్పించుకున్న మామూలు మనిషి ఈ లెక్కలో లేడు. భాగస్వామ్య సంస్థలు మాత్రం జాగ్రత్తపడాలి. అమ్మకాలు రిజిస్ట్రేషన్ పరిమితికి తక్కువగా ఉన్నా, రివర్స్ ఛార్జ్ కింద పన్ను కట్టాల్సిన వాళ్లకు చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఏజెన్సీకి కట్టిన కిరాయి ఒక్కటే ఆ బాధ్యతను తెచ్చిపెట్టగలదు.

రేటు 5 శాతం. అయితే ట్రాన్స్‌పోర్టరు తానే పన్ను వసూలు చేసి కట్టే పద్ధతిని ఎంచుకోవచ్చు. దీన్ని ఫార్వర్డ్ ఛార్జ్ అంటారు. అతను తన కొనుగోళ్ల మీద ఇన్‌పుట్ క్రెడిట్ వదులుకుంటే 5 శాతం, తీసుకుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. అంతకుముందు ఈ రెండో రేటు 12 ఉండేది. ఇలా ఎంచుకున్న ట్రాన్స్‌పోర్టరు ఆ సంగతి తన బిల్లు మీద డిక్లరేషన్‌గా రాయాలి. డిక్లరేషన్ ఉండి, బిల్లులో పన్ను వేసి ఉంటే కొన్నవాడు మళ్లీ కట్టనక్కరలేదు. బిల్లు చూడకుండా కిరాయి ఖాతా మొత్తం మీద 5 శాతం వేసుకునే అకౌంటెంట్లు ఒకే కిరాయికి రెండుసార్లు పన్ను కట్టేది ఇక్కడే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే లెక్క స్పష్టపడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప రాడ్లు, రేకులు అమ్మే వ్యాపారి ఒకరున్నారనుకుందాం. ఒక నెలలో విశాఖపట్నం నుంచి మూడు లారీల సరుకు వచ్చింది. జీఎస్టీ నంబరు లేని విశాఖ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఎల్ఆర్‌లు ఇచ్చింది. మూడూ టు పే. కిరాయిలు 28,000, 26,000, 30,000, మొత్తం 84,000 రూపాయలు. దీని మీద 5 శాతం 4,200. పంపే చోటు, అందుకునే చోటు అని కాకుండా ట్రాన్స్‌పోర్టరూ వ్యాపారీ ఒకే రాష్ట్రంలో ఉన్నారా అన్నది ఇక్కడ చూడాలి. ఉన్నారు కాబట్టి కేంద్ర జీఎస్టీ 2,100, రాష్ట్ర జీఎస్టీ 2,100. నాలుగో లోడు రాయపూర్ నుంచి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ట్రాన్స్‌పోర్టరు కిరాయి 60,000. అతనూ తానుగా పన్ను కట్టే పద్ధతి ఎంచుకోలేదు. ట్రాన్స్‌పోర్టరు వేరే రాష్ట్రంలో ఉన్నాడు కనుక 3,000 రూపాయలు ఐజీఎస్టీగా కట్టాలి.

అదే నెలలో గోడౌన్ నుంచి వినియోగదారుల దగ్గరికి సరుకు చేర్చిన ట్రాలీ ఆటోలకు 18,000 ఇచ్చారు. వాళ్లు ఎల్ఆర్ ఇవ్వరు, కాబట్టి పన్ను లేదు. హమాలీలకు ఇచ్చిన 22,000 మీదా లేదు. గోడౌన్ అద్దె 35,000 సంగతి వేరు. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర వాణిజ్య స్థలం అద్దెకు తీసుకున్న రిజిస్టరైన వ్యాపారి 18 శాతం తానే కట్టాలి. అది 6,300 రూపాయలు. గోడౌన్ యజమాని రిటైరైన ఉద్యోగి కావచ్చు, రైతు కావచ్చు. జీఎస్టీ గురించి అతను ఆలోచించాల్సిన పనే లేదు. ఆలోచించాల్సింది అద్దెకున్నవాడే. (సెక్యూరిటీ గార్డులను పంపే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఇచ్చే బిల్లులకు కూడా 2019 జనవరి 1 నుంచి ఇలాంటి నియమమే ఉంది.)

మొత్తం కలిపితే ఆ నెల రివర్స్ ఛార్జ్ 4,200, 3,000, 6,300, అంటే 13,500 రూపాయలు. ఇక్కడే వ్యాపారికి అసలు ఇబ్బంది ఎదురవుతుంది. ఈ పన్నును నగదుగానే కట్టాలి. చట్టం 'అవుట్‌పుట్ ట్యాక్స్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో రివర్స్ ఛార్జ్ లేదు. క్రెడిట్ లెడ్జర్‌లోని సొమ్ము అవుట్‌పుట్ ట్యాక్స్‌కే వాడాలి. అందుకే పోర్టల్‌లో ఎంత క్రెడిట్ పేరుకుపోయి ఉన్నా, చలాన్ తీసి క్యాష్ లెడ్జర్‌లో డబ్బు వేయక తప్పదు. అయితే కట్టిన పన్నును ఆ నెల రిటర్న్‌లోనే తిరిగి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. 5 శాతం రేటుకు 'క్రెడిట్ లేదు' అన్న షరతు ట్రాన్స్‌పోర్టరుకే గానీ కిరాయి కట్టినవాడికి కాదు. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుని ఏళ్ల తరబడి క్రెడిట్ వదిలేసుకుంటారు.

ఆ నెల అమ్మకాల మీద ఈ వ్యాపారి పన్ను 1,80,000, కొన్న సరుకు మీద క్రెడిట్ 1,72,000 అనుకుందాం. రివర్స్ ఛార్జ్ లేకపోతే నగదుగా 8,000 కడితే చాలు. ఇప్పుడు ముందు 13,500 నగదుగా కట్టాలి. అది క్రెడిట్‌లో చేరి మొత్తం 1,85,500 అవుతుంది. అందులో 1,80,000 అమ్మకాల పన్నుకు పోగా 5,500 వచ్చే నెలకు మిగులుతుంది. నష్టమేమీ లేదు, కానీ 5,500 రూపాయల నగదు ఒక నెల ముందే బయటికి వెళ్లింది. కిరాయి, అద్దె పెద్దవైన వ్యాపారాల్లో ఈ ముందస్తు చెల్లింపు భారమే చేతిలోని సొమ్మును ఇబ్బంది పెడుతుంది. కాంపొజిషన్ పథకంలో ఉన్న వ్యాపారికి పరిస్థితి ఇంకా గట్టిది. అద్దె మీది రివర్స్ ఛార్జ్ నుంచి 2025 జనవరిలో వాళ్లకు ఊరట వచ్చింది గానీ లారీ కిరాయి మీద లేదు. వాళ్లకు క్రెడిట్ ఉండదు కనుక పై ఉదాహరణలో కిరాయిల మీది 7,200 రూపాయలూ పూర్తిగా ఖర్చే.

కాగితాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ట్రాన్స్‌పోర్టరుకు గానీ గోడౌన్ యజమానికి గానీ జీఎస్టీ నంబరు లేనప్పుడు వాళ్లు పన్ను బిల్లు ఇవ్వలేరు. ఆ బిల్లును కొన్నవాడే తన పేరిట తయారు చేసుకోవాలి. దాన్ని సెల్ఫ్ ఇన్‌వాయిస్ అంటారు. అవతలివారి పేరు, చిరునామా, సేవ వివరం, విలువ, రేటు, రివర్స్ ఛార్జ్ కింద పన్ను చెల్లించాలన్న ప్రస్తావన, వరుస నంబరు అందులో ఉండాలి. 2024 నవంబరు 1 నుంచి, సేవ అందిన 30 రోజుల్లోపు ఇది తయారవ్వాలి. డబ్బు చెల్లించినప్పుడు పేమెంట్ వోచర్ కూడా రాయాలి. ఈ కాగితం లేకపోతే క్రెడిట్‌కు ఆధారమే ఉండదు. పన్ను కట్టాల్సిన నెల కూడా దీన్ని బట్టే తేలుతుంది. నంబరు లేనివాళ్ల సేవలకు, డబ్బు ఇచ్చిన తేదీ, సెల్ఫ్ ఇన్‌వాయిస్ తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే అది. నంబరు ఉండీ రివర్స్ ఛార్జ్‌లోనే ఉన్న ట్రాన్స్‌పోర్టరైతే అతను ఇచ్చిన బిల్లే చాలు. డబ్బు ఇచ్చిన తేదీ గానీ, బిల్లు తేదీ నుంచి 60 రోజులు గడిచిన మరుసటి రోజు గానీ, ముందొచ్చింది లెక్క.

రిటర్న్‌లో రెండుచోట్ల నింపాలి. `GSTR-3B`లో పన్ను విలువ, పన్ను `3.1(d)` గడిలో. తిరిగి తీసుకునే క్రెడిట్ `4(A)(3)` గడిలో. ఈ రెంటినీ పోల్చి చూపే ప్రకటన ఒకటి 2024 ఆగస్టు నుంచి పోర్టల్‌లో ఉంటోంది. కట్టినదానికంటే ఎక్కువ క్రెడిట్ తీసుకుంటే అక్కడ తేడా కనిపిస్తుంది.

తప్పిపోయిన సంగతి సాధారణంగా బయటపడేది లాభనష్టాల పట్టికలో. అందులో 'ఫ్రైట్ ఇన్‌వర్డ్' అని ఏడాదికి పది లక్షలు ఉండి, `3.1(d)`లో రెండు లక్షలే కనిపిస్తే అధికారి మొదటి ప్రశ్న అదే. తేడా మొత్తం పన్ను ఎగవేత కానక్కరలేదు. అందులో ట్రాలీ ఆటోలు ఉండొచ్చు, వ్యవసాయోత్పత్తుల కిరాయి ఉండొచ్చు, ఫార్వర్డ్ ఛార్జ్ బిల్లులు ఉండొచ్చు. కానీ అవన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయి ఉంటే రుజువు చేయడం కష్టం. ఎల్ఆర్ ఉన్న కిరాయి, ఎల్ఆర్ లేని కిరాయి, ట్రాన్స్‌పోర్టరు పన్ను వేసిన కిరాయి అని మూడు ఖాతాలుగా రాసుకున్న వ్యాపారి ఆ ప్రశ్నకు అరగంటలో జవాబు ఇవ్వగలడు. ఎల్ఆర్ మీద 'జీఎస్టీ చెల్లించేది: కన్సైనర్, కన్సైనీ, ట్రాన్స్‌పోర్టర్' అన్న వరసలో ఎక్కడ గుర్తు పెట్టారో ప్రతిసారీ చూడటం ఇందులో భాగమే. ఆ గుర్తు ఖాళీగా ఉన్న కాగితాలే తరవాత వివాదాలకు దారితీస్తాయి.

పాత సంవత్సరంలో తప్పిపోయిన కిరాయి ఇప్పుడు దొరికితే, పన్నుతోపాటు ఏడాదికి 18 శాతం వడ్డీ నగదుగా కట్టాలి. పెనాల్టీకీ ఆస్కారం ఉంది. క్రెడిట్ గడువు దాటిపోయిందేమోనన్న భయం మాత్రం చాలావరకు తీరింది. నంబరు లేనివాళ్ల దగ్గర పొందిన సేవలకు క్రెడిట్ గడువును లెక్కించాల్సింది సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసిన ఆర్థిక సంవత్సరం నుంచేనని 2024 జూన్ 26 నాటి 211వ సర్క్యులర్ స్పష్టం చేసింది. అంటే రెండేళ్ల కిందటి కిరాయికి ఇప్పుడు సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసి, పన్నూ వడ్డీ కట్టి, పన్ను వరకు క్రెడిట్ తీసుకోవచ్చు. వడ్డీ మాత్రం తిరిగి రాదు.